పోయింది మనిషా, స్థానమా?

తణుకులో ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపిన కుటుంబం. భర్త సరుకు తెచ్చేవాడు, భార్య గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. జనవరిలో భర్తకు పక్షవాతం వచ్చింది, మూడో రోజున పోయాడు. నవంబరులో కొడుకు ఆమెను హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్టు దగ్గరకు తీసుకొచ్చాడు. ఆమెకు 56 ఏళ్ళు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం సహించడం లేదు, ఆరు కిలోలు తగ్గింది. టీవీ ముందు కూర్చుంటుంది గానీ ఏం చూశావంటే చెప్పలేదు. "నాన్న పోయిన దిగులండీ. ఏడాది కావస్తోంది, తేరుకోవడం లేదు" అన్నాడు కొడుకు. శిక్షణలో ఉన్న ఆ సైకాలజిస్టు కేసు కాగితం మీద అదే రాసుకుంది: భర్త వియోగం వల్ల వచ్చిన డిప్రెషన్.

సూపర్‌వైజర్ ఆ కాగితం చూసి ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఫిబ్రవరిలో ఎలా ఉంది?"

అది ఎవరూ అడగలేదు. మరుసటి వారం అడిగితే తెలిసింది. ఫిబ్రవరిలో ఆమె బాగానే ఉంది. అంటే ఏడవలేదని కాదు. పెద్దకర్మ నాడు ఏడ్చింది, మాసికాలకు ఏడ్చింది, కొట్టుకొచ్చిన ప్రతి పాత ఖాతాదారుకూ ఆ మూడు రోజుల కథ చెప్పి ఏడ్చింది. కానీ ఉదయం ఏడింటికి షట్టర్ ఎత్తేది, రాత్రి పడుకుంటే నిద్రపట్టేది, ఆకలేసేది. జూన్‌లో కొడుకు కొట్టును అద్దెకిచ్చేసి, "ఒక్కదానివీ ఏం ఉంటావమ్మా" అని కూకట్‌పల్లిలో ఆరో అంతస్తు ఫ్లాట్‌కు తీసుకొచ్చాడు. జబ్బు జులైలో మొదలైంది.

ఈమె ఏ ఒక్క మనిషీ కాదు. శిక్షణ తరగతుల్లో చర్చకు పెట్టే తరహాలో అల్లిన ఉదాహరణ. కానీ దీనిలోని చిక్కు నిజమైనదే, ఇంటర్‌పర్సనల్ థెరపీ నేర్చుకునేవాళ్ళు మొదట్లో తరచూ పడేదే. చావు జరిగిన ఇంట్లో డిప్రెషన్ కనిపిస్తే చావే కారణమనుకోవడం అందరికీ తేలిక. ఐపీటీ అని పొట్టిగా పిలిచే ఈ చికిత్స మాత్రం ఇంకాస్త నిక్కచ్చిగా అడుగుతుంది: ఏ నెలలో ఏం పోయింది, ఏ నెలలో నిద్ర పోయింది?

ఈ చికిత్స పుట్టుక కాస్త విచిత్రమైనది. 1969లో అమెరికాలోని న్యూహేవెన్‌లో జెరాల్డ్ క్లెర్మన్ అనే మానసిక వైద్యుడు, మర్నా వైస్‌మన్ తదితరులు ఒక మందు మీద పరిశోధన మొదలుపెట్టారు. ఎమిట్రిప్టిలిన్‌తో డిప్రెషన్ తగ్గినవాళ్ళు ఆ మందు కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా అన్నది ప్రశ్న. ఆ రోజుల్లో మందుతోపాటు రోగితో మాట్లాడటమూ మామూలే కాబట్టి, ఆ మాట్లాడటాన్ని కూడా కొలవాలనుకున్నారు. కొలవాలంటే అదేమిటో కాగితం మీద రాయాలి. అలా రాసుకున్నదే ఐపీటీకి మొదటి రూపం. ఫలితాలు వచ్చాక చూస్తే మందు జబ్బు తిరగబెట్టకుండా ఆపింది. మాటలు మరో పని చేశాయి. కొన్ని నెలలు గడిచేసరికి రోగులు ఇంట్లోనూ పనిలోనూ నలుగురితో మెలిగే తీరు మెరుగుపడింది. పరిశోధనలో ఓ పక్కన ఉండాల్సిన సంగతి అసలు సంగతైంది. క్లెర్మన్, వైస్‌మన్‌లు మరో ఇద్దరితో కలిసి 1984లో దీన్ని పుస్తకంగా తెచ్చారు.

దీని వెనకున్న ఆలోచన సూటిగా ఉంటుంది. డిప్రెషన్‌కు కారణాలు రక్తంలో ఉన్నా, బాల్యంలో ఉన్నా, అది ఫలానా సమయంలో మొదలైందంటే ఆ సమయంలో ఆ మనిషి బతుకులో ఏదో జరిగి ఉండాలి. అలా జరిగేవాటిని నాలుగు రకాలుగా చూస్తారు. దగ్గరివాళ్ళు చనిపోవడం, దగ్గరివాళ్ళతో తెగని విభేదం, బతుకులో పెద్ద మార్పు, ఏ బంధమూ నిలవని ఒంటరితనం. చికిత్స వారానికి ఒకసారి చొప్పున సాధారణంగా 12 నుంచి 16 వారాలు. అంత తక్కువ వ్యవధిలో నాలుగింటి జోలికీ వెళ్ళలేరు. ఒకదాన్ని, తప్పదంటే రెండింటిని ఎంచుకోవాలి. ఆ ఎంపికకు మొదటి మూడు సెషన్లు కేటాయిస్తారు. నిజానికి చికిత్స సగం గెలిచేదీ ఓడేదీ అక్కడే.

మొదటి సెషన్‌లో సైకాలజిస్టు చేయాల్సిన పని సానుభూతి చూపడం ఒక్కటే కాదు. ముందు అది డిప్రెషనేనా అని తేల్చాలి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, వాడుతున్న మందులు, మద్యం వంటివి అడగాలి. అవసరమైతే డాక్టరు దగ్గరకు పంపి పరీక్షలు చేయించాలి. గతంలో ఎప్పుడైనా విపరీతమైన ఉత్సాహంతో నిద్ర అక్కర్లేని రోజులు గడిచాయా అనీ అడగాలి. అలా ఉంటే అది బైపోలార్ జబ్బు కావచ్చు, దాని చికిత్స వేరు. తర్వాత పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి నింపిస్తారు. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, మొత్తం 27 మార్కులు. పది గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి, ఇరవై గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రం. మన తణుకు ఆమెకు 19 వచ్చాయి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఆమె "కొన్ని రోజులు" అని జవాబిచ్చింది.

ఆ జవాబు దగ్గర శిక్షణార్థులు చాలామంది గబుక్కున ముందుకెళ్ళిపోతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడగకపోతే తెలియదు, అంతే. చచ్చిపోతే బాగుండుననిపిస్తుందా, చేసుకోవాలనిపిస్తుందా, ఎలా అని ఆలోచించారా, అందుకు కావలసింది ఇంట్లో ఉందా అని మెట్టుమెట్టుగా, మామూలు గొంతుతో అడగాలి. ఆమె చెప్పింది: "ఆయన దగ్గరకెళ్ళిపోతే బాగుండుననిపిస్తుందమ్మా. చేసుకోవాలని మాత్రం లేదు." ఆ మాటను కాగితం మీద రాసుకుని, ప్రతి వారం మళ్ళీ అడుగుతారు. ప్రాణానికి తక్షణ ముప్పుంటే ఐపీటీ పక్కన పెట్టి ఆస్పత్రి చూడాల్సిందే.

అదే సెషన్‌లో మరో పని ఉంది. రోగికి ఆమె జబ్బుపడిందని చెప్పాలి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ మన ఇళ్ళలో పెద్ద విషయం. అయిదు నెలలుగా ఆమె విన్నదల్లా "మనసు గట్టి చేసుకో", "గుడికి వెళ్ళిరా", "మనవడితో ఆడుకో" అనే. అవేవీ చేయలేకపోవడం తన బద్ధకమనీ, కోడలికి భారమవుతున్నాననీ ఆమె నమ్మేసింది. సైకాలజిస్టు చెప్పాల్సింది ఇది: "మీకు డిప్రెషన్ అనే జబ్బు వచ్చింది. టైఫాయిడ్ వచ్చిన మనిషి పనులు చేయలేకపోతే ఎవరూ తప్పుపట్టరు. ఇదీ అంతే. నయమవుతుంది. నయం చేసుకోవడంలో మీరు మాత్రం నాతో కలిసి పనిచేయాలి." మందు కావాలా అన్నది కూడా అప్పుడే చర్చకు వస్తుంది. ఐపీటీ మందులకు వ్యతిరేకం కాదు. రెండూ కలిపి ఇవ్వడం మామూలే.

రెండో సెషన్ మనుషుల పట్టిక. ఆమె బతుకులో ఎవరెవరున్నారు? ఒక్కొక్కరి గురించీ అడుగుతారు. ఎంత తరచుగా కలుస్తారు, మీరు వాళ్ళ నుంచి ఏం ఆశిస్తారు, వాళ్ళు మీ నుంచి ఏం ఆశిస్తారు, ఆ బంధంలో బాగున్నదేది, మీకు వీలుంటే మార్చేదేది. ఇదేదో చుట్టాల జాబితా కాదు. పేరు చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ మారిందో కూడా వినాలి.

పట్టిక రాస్తుంటే రెండు సంగతులు బయటపడ్డాయి. భర్త గురించి ఆమె ధారాళంగా మాట్లాడింది. మంచివాడని చెప్పింది, ముక్కోపి అనీ చెప్పింది, ఉప్పు తగ్గించమంటే వినకపోవడం తలుచుకుని తిట్టింది, ఏడ్చింది, ఒకచోట నవ్వింది కూడా. కానీ కొట్టు గురించి అడిగితే మాట ఆగిపోయింది. "ఇచ్చేశారుగా" అంది. ఎవరు ఇచ్చారు? "అబ్బాయి." మిమ్మల్ని అడిగాడా? ఆమె చీర కొంగు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంకోటి, తణుకులో రోజుకు నలభై, యాభై మందితో మాట్లాడిన మనిషి కూకట్‌పల్లిలో మాట్లాడేది ముగ్గురితో. అందులో ఒకరు నాలుగేళ్ళ మనవడు.

ఇప్పుడు ఎంపిక తేలికైంది. వియోగాన్ని కేంద్రంగా పెట్టుకోవాలంటే చనిపోయిన మనిషి గురించిన దుఃఖం ఎక్కడో ఇరుక్కుపోయిన గుర్తులు కనిపించాలి. చావు తర్వాత అసలు ఏడవకపోవడం, ఆ మనిషి ప్రస్తావన తప్పించుకు తిరగడం, మనిషిని దేవుణ్ణి చేసి ఒక్క లోపమూ ఒప్పుకోకపోవడం, చావు విషయంలో తననే నేరస్థుడిగా చూసుకోవడం, తిథి దగ్గరపడగానే కుప్పకూలడం లాంటివి. ఈమెలో అవి లేవు. ఆమె భర్తను పోగొట్టుకుని దుఃఖించింది. కొట్టును, ఊరిని, "కొట్టు అమ్మగారు" అనే పిలుపును పోగొట్టుకుని జబ్బుపడింది. ఐపీటీ భాషలో దీన్ని పాత్ర మార్పు అంటారు. ఉద్యోగ విరమణ, పెళ్ళి, మొదటి కాన్పు, విడాకులు, పిల్లలు విదేశాలకు వెళ్ళిపోవడం, గుండె ఆపరేషన్ తర్వాతి బతుకు, అన్నీ ఈ కోవలోవే. పదోన్నతి కూడా. బయటివాళ్ళు అభినందించే మార్పే లోపల మనిషిని తినేయడం అరుదేమీ కాదు.

మూడో సెషన్‌లో ఈ నిర్ధారణను రోగి ముందు పెట్టి ఒప్పించుకోవాలి, రెండు మూడు వాక్యాల్లో, ఆమెకు తెలిసిన మాటల్లో. "మీవారు పోయిన దుఃఖం మీరు మోశారు. కొట్టు నడుపుతూనే మోశారు. తర్వాత కొట్టు కూడా పోయింది, ఊరూ పోయింది, మిమ్మల్ని ఎవరూ అడగలేదు. అప్పటి నుంచే నిద్ర పోయిందని మీరే చెప్పారు. వచ్చే తొమ్మిది వారాలు దీని మీదే మాట్లాడుకుందామా?" ఇక్కడ ఆమె "కాదమ్మా, అసలు సంగతి వేరే" అంటే వినాలి. సైకాలజిస్టుకు నచ్చిన కథ రోగికి ఎక్కకపోతే ఆ కథతో చికిత్స నడవదు. తణుకు ఆమె మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కొట్టు కోసం ఏడిస్తే జనం ఏమనుకుంటారమ్మా? మొగుడు పోయినదానికి కొట్టు దిగులా అనుకోరూ?" అంది. దాచుకున్నదంతా ఆ మాటలో ఉంది.

మధ్య సెషన్లన్నీ ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: పోయినసారి కలిసిన తర్వాత ఎలా ఉంది? "బాలేదు" అంటే ఏ రోజు బాలేదు, ఆ రోజు ఏం జరిగింది అని వెళ్తారు. "మంగళవారం అబ్బాయితో మాటా మాటా అయింది" అంటే దాని తర్వాత మనసు ఎలా ఉంది అని వస్తారు. సంఘటన నుంచి మనసుకు, మనసు నుంచి సంఘటనకు. వారం తర్వాత వారం ఇలా తిరిగేసరికి, దిగులు ఎక్కడి నుంచో ఊడిపడదనీ, దానికి ముందొక సందర్భం ఉంటుందనీ రోగికి తనంత తానే పట్టుబడుతుంది.

పాత్ర మార్పులో మొదట చేయాల్సింది పాత పాత్రకు కర్మ చేయడం. కొట్టులో ఏం బాగుండేది? ఆమె రెండు సెషన్ల పాటు చెప్పింది. ఏ బియ్యం ఎవరింటికి వెళ్తాయో, సంక్రాంతికి బెల్లం ఎన్ని బస్తాలు పోయేదో, పెళ్ళి సరుకుల చీటీ చూసి ఎవరింట్లో ఎంత ఆడంబరమో ఎలా చెప్పగలిగేదో. తర్వాత శిక్షణార్థి అడగడానికి మొహమాటపడే ప్రశ్న: బాగులేనిదేది? మోకాళ్ళ నొప్పితో పద్నాలుగు గంటలు కూర్చోవడం. వసూలు కాని బాకీలు. పండగ పూట పుట్టింటికి వెళ్ళలేని ముప్పై ఏళ్ళు. పోయినదాన్ని పూర్తి బంగారంగా ఉంచినంత కాలం కొత్తది మట్టిలాగే కనిపిస్తుంది. రెండు వైపులా చూశాకే కొత్త బతుకులో ఏముందో చూసే ఓపిక వస్తుంది. ఈ వరుస తప్పి రెండో వారంలోనే "హైదరాబాద్‌లో గుళ్ళున్నాయి, పార్కులున్నాయి" అని మొదలుపెట్టడం కొత్తవాళ్ళ పొరపాటు. అది కోడలు ఎప్పుడో చెప్పేసింది.

ఐపీటీలో అన్నిటికన్నా పనికొచ్చే సాధనం మాటల విశ్లేషణ. ఆరో వారం పీహెచ్‌క్యూ-9 మార్కు 13 నుంచి మళ్ళీ 16కు ఎక్కింది. ఏం జరిగిందని అడిగితే "కోడలు నన్ను పనికిరానిదాన్ని చేసింది" అంది ఆమె. ఇలాంటి వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. నాటకం రాసుకున్నట్టు ఎవరు ఏమన్నారో వరసగా చెప్పమంటారు.

"నేను వంటింట్లోకెళ్ళి పప్పు చూస్తున్నాను."

"అప్పుడు?"

"'అత్తయ్యా, మీరు రెస్ట్ తీసుకోండి, నేను చూసుకుంటా' అంది."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. గదిలోకెళ్ళి పడుకున్నాను."

"అన్నం?"

"తినలేదు."

"ఆమె ఆ మాట అన్నప్పుడు మీకు ఏమనిపించింది?"

"నువ్విక్కడ అక్కర్లేదు అన్నట్టు అనిపించింది."

"ఆ సంగతి ఆమెకు తెలుసా?"

చాలాసేపు మౌనం. "ఎలా తెలుస్తుంది, నేను చెప్పందే."

ఇక్కడ కోడలు దుర్మార్గురాలా, అత్త అతిగా ఊహించుకుందా అన్న తీర్పు అక్కర్లేదు. ఒకరు చెప్పింది ఒకటి, ఇంకొకరు విన్నది ఇంకొకటి, తర్వాత తలుపు వేసుకోవడం, దాన్ని చూసి కోడలు "అత్తయ్యకు నేనంటే పడదు" అనుకోవడం. ఆ రోజు పప్పు సంగతితో మొదలైన మాట, పోనుపోను అసలు సంగతి దగ్గరకు వచ్చింది. కొట్టు అద్దెకిచ్చిన రోజు కొడుకు కూడా ఇలాగే, ఆమె మంచికేనని, ఆమెను అడక్కుండా చేశాడు. ఆమె ఆ రోజూ ఏమీ అనలేదు.

ఏం చేయాలో సైకాలజిస్టు చెప్పదు. దారులేమేమిటో కలిసి రాసుకుంటారు. ఊరుకోవడం, తణుకు వెళ్ళిపోవడం, కొడుకుతో మాట్లాడటం, మరదలితో చెప్పించడం. ఒక్కోదానికి ఏం జరుగుతుందో ఊహిస్తారు. ఆమె కొడుకుతో మాట్లాడదామనుకుంది. ఎలా? సైకాలజిస్టు కొడుకుగా కూర్చుంది, ఆమె మాట్లాడింది. మొదటిసారి అంతా దెప్పిపొడుపులే వచ్చాయి. రెండోసారి ఏడుపు వచ్చింది. మూడోసారి వచ్చిన మాట: "ఒరేయ్ నాన్నా, నువ్వు నా కోసమే చేశావని తెలుసు. కానీ ఆ కొట్టు నాది కూడా. అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు నన్నొక మాట అడగాల్సింది. ఆ అద్దె నా ఖాతాలో పడాలి. లెక్క నేను చూసుకుంటాను." ఇంటికెళ్ళి ఆ వారమే అంది. కొడుకు నొచ్చుకున్నాడు, రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, మూడో రోజు బ్యాంకు ఫారం తెచ్చాడు.

తర్వాతి వారాల్లో జరిగినవి చిన్నవే. ఇంటి నెలసరి సరుకుల కొనుగోలు ఆమె చేతికొచ్చింది. సరుకు నాణ్యత చూపుతోనే చెప్పగల మనిషి, బేరంలో కొడుకు ఆమె ముందు బలాదూరే. అపార్ట్‌మెంటులో గోదావరి జిల్లాల వాళ్ళు మరో రెండు కుటుంబాలు ఉన్నాయని తెలిసింది. జనవరిలో సంవత్సరీకానికి తణుకు వెళ్ళి, కొట్టు ముందు నిలబడి, లోపలికి కూడా వెళ్ళి వచ్చింది. అందరూ భయపడింది ఆ ప్రయాణం గురించే. ఆ వారం బాగా ఏడ్చింది, నిద్ర మాత్రం చెడలేదు. పన్నెండో వారానికి మార్కు 6. మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, హైదరాబాద్ అంటే ఇష్టమేమీ పుట్టలేదు.

ఇదే ఇంట్లో జబ్బు ఫిబ్రవరిలోనే మొదలై ఉంటే పని వేరుగా నడిచేది. వియోగం కేంద్రమైనప్పుడు చావు కథను మొదటి నుంచి చెప్పిస్తారు. జబ్బు ఎప్పుడు తెలిసింది, డాక్టరు ఏమన్నాడు, ఆ చివరి గంటలో మీరెక్కడున్నారు, ఎవరు కబురు చెప్పారు, అంత్యక్రియలప్పుడు ఏం జరిగింది, ఏం చేయలేకపోయారు. కొవిడ్ కాలంలో తల్లి ముఖం చూడకుండానే శ్మశానానికి పంపిన కొడుకుల దగ్గర ఈ ప్రశ్నలు ఎంత పని చేయాలో ఊహించవచ్చు. తర్వాత బంధమంతా తిరగేస్తారు, బాగున్న రోజులూ బాగులేని రోజులూ. పోయినవాళ్ళను పల్లెత్తు మాట అనకూడదన్న మర్యాద ఇక్కడ అడ్డొస్తుంది. తాగి కొట్టిన భర్త పోయాక అతని మీద కోపమూ అతని కోసం దుఃఖమూ ఒకేసారి ఉన్న ఇల్లాలు, కోపాన్ని మింగేసి దానికి బదులు తననే తిట్టుకుంటూ ఉంటుంది. ఉగాండాలో ఈ చికిత్సను పల్లెలకు తీసుకెళ్ళినవాళ్ళకు ఇదే మర్యాద ఎదురైంది. వాళ్ళు ప్రశ్న మార్చారు. చనిపోయినవారిలో నచ్చనిదేమిటని అడగకుండా, వారి వల్ల మీకు నిరాశ కలిగిన సందర్భాలున్నాయా అని అడిగారు. ఆ మాత్రం సందు చాలు.

ఇక్కడో హద్దు గీయాలి. వియోగ దుఃఖం జబ్బు కాదు. అది అలల్లా వస్తుంది, మధ్యలో మనిషి నవ్వగలడు, ఎవరైనా పలకరిస్తే తేలికపడతాడు. డిప్రెషన్ రోజంతా కమ్మేస్తుంది, తనంటే తనకు అసహ్యం పుట్టిస్తుంది. అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ పుస్తకం ఒకప్పుడు చావు జరిగిన తొలి రెండు నెలల్లో డిప్రెషన్ అని ముద్ర వేయొద్దనేది. 2013లో వచ్చిన అయిదో కూర్పు ఆ మినహాయింపు తీసేసింది. దుఃఖాన్ని జబ్బు చేస్తున్నారని అప్పుడు పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవలో న్యాయముంది. కానీ చావింట్లో నిజంగా జబ్బుపడిన మనిషిని "రెండు నెలలు ఆగి రండి" అనడంలోనూ న్యాయం లేదు.

మూడోది ఒకటుంది, ఐపీటీ నేర్చుకునేవాళ్ళు తప్పక గుర్తుపట్టాల్సింది. డిప్రెషన్ లక్షణాలు పెద్దగా లేకపోయినా, ఏళ్ళు గడిచినా, పోయిన మనిషి కోసం తపన తగ్గదు. గది అలాగే ఉంచుతారు, చావును నమ్మలేరు, బతుకు ఆ రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. దీన్ని ఇప్పుడు దీర్ఘకాలిక వియోగ రుగ్మతగా విడిగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కనీసం ఆరు నెలలు, అమెరికా పుస్తకం లెక్కలో పెద్దవాళ్ళకు ఏడాది దాటాలి. దీని మీద ఐపీటీ అంతగా పనిచేయదు. క్యాథరిన్ షియర్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి వారికి ప్రత్యేకంగా రూపొందించిన చికిత్సతో 51 శాతం మంది మెరుగుపడితే, ఐపీటీతో 28 శాతం మందే మెరుగుపడ్డారు. ఆ ప్రత్యేక చికిత్సలో చావు కథను కళ్ళు మూసుకుని చెప్పి, రికార్డు చేసుకుని ఇంట్లో వింటారు. తప్పించుకు తిరిగే చోట్లకు మెల్లగా వెళ్తారు. కాబట్టి తల్లి చీర ఇప్పటికీ దిండు కింద పెట్టుకుని పడుకునే మనిషి వస్తే, ఐపీటీ తెలుసు కదా అని అదే మొదలుపెట్టకూడదు.

చికిత్స నడుస్తుండగా దారి తప్పిందని ఎలా తెలుస్తుంది? ఆరు వారాలైనా మార్కు కదలకపోతే మొదట ఎంచుకున్న కేంద్రాన్ని అనుమానించాలి, మందు చర్చ మళ్ళీ తేవాలి. ప్రతి వారం కొత్త విషయం మీద మాట్లాడుతుంటే కేంద్రం జారిపోయినట్టే. రోగి "అందరూ అంతేనండీ, లోకం మారిపోయింది" అని సాధారణంగా మాట్లాడుతూ ఒక్క సంఘటన కూడా చెప్పకపోతే, గదిలో కబుర్లు నడుస్తున్నాయి, చికిత్స కాదు. మన దగ్గర ఇంకో బెడద ఉంది. కొడుకో భర్తో ప్రతి సెషన్‌లో పక్కనే కూర్చుని జవాబులు తనే చెప్పేయడం. వాళ్ళతో ఒకసారి మాట్లాడి జబ్బు గురించి వివరించడం మంచిదే. తర్వాత కుర్చీ బయటే.

ముగింపును కూడా ముందే చెప్పి ఉంచాలి. చివరి రెండు మూడు సెషన్లు దానికే. తొమ్మిదో వారం నుంచే "ఇంకా మూడు ఉన్నాయి" అని గుర్తుచేస్తారు. ఆ మాట వినగానే కొందరికి నిద్ర మళ్ళీ చెడుతుంది. శిక్షణార్థి కంగారుపడి గడువు పొడిగిస్తుంది. విడిపోతున్నందుకు కలిగే బాధకూ జబ్బు తిరగబెట్టడానికీ తేడా ఉందని రోగికి చెప్పడమే ఆ సెషన్ల పని. జబ్బు మళ్ళీ వస్తే మొదట ఏది కనిపిస్తుందో కూడా రాసిస్తారు. తణుకు ఆమె కాగితం మీద మొదటి గుర్తు, తెల్లవారుజాము మెలకువ. రెండోది, ఎవరేమన్నా బదులు చెప్పకుండా గదిలోకి వెళ్ళిపోవడం. గతంలో రెండు మూడుసార్లు డిప్రెషన్ వచ్చినవాళ్ళకు పన్నెండు వారాలతో ఆపకుండా నెలకొకసారి కొనసాగించే పద్ధతీ ఉంది.

ఇదంతా నేర్చుకోవాలంటే పెద్ద డిగ్రీలే కావాలా? ఉగాండాలో హెచ్ఐవీ అల్లాడించిన మసాకా, రకాయ్ ప్రాంతాల్లో జరిగిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. 30 పల్లెల్లో కొన్నింటికి చికిత్స ఇచ్చి, కొన్నింటిని పోలికకు ఉంచారు. మానసిక వైద్యంతో సంబంధం లేని స్థానికులకు రెండు వారాల శిక్షణ ఇచ్చి, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేర్వేరు బృందాలుగా, వారానికి గంటన్నర చొప్పున 16 వారాలు నడిపించారు. 2003లో ఫలితాలు వచ్చాయి. చికిత్స అందిన పల్లెల్లో డిప్రెషన్ మిగిలింది 6.5 శాతం మందిలో, పోలిక పల్లెల్లో 54.7 శాతం మందిలో. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలంబియా విశ్వవిద్యాలయంతో కలిసి 2016లో బృంద ఐపీటీకి ఎనిమిది సెషన్ల కరదీపిక విడుదల చేసింది. అది ఉచితంగానే దొరుకుతుంది. మన దేశంలో విక్రమ్ పటేల్ బృందం గోవాలో ప్రాథమిక వైద్యశాలల్లో జరిపి 2010లో ప్రచురించిన పరిశోధనలో, శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలర్లు ఇచ్చిన సేవల్లో ఐపీటీ ఒక భాగం. ప్రభుత్వ వైద్యశాలల్లో అది పనిచేసింది, ప్రైవేటు క్లినిక్‌లలో తేడా కనిపించలేదు. అయితే ఈ ప్రయోగాలన్నిటిలో కౌన్సెలర్ల వెనక, వారం వారం కేసులు విని "ఫిబ్రవరిలో ఎలా ఉంది" అని అడిగే సూపర్‌వైజర్ ఒకరు ఉన్నారు. కరదీపిక చదివి, ఆ మనిషి లేకుండా మొదలుపెట్టడం ఐపీటీ అనిపించుకోదు.

తెలుగు రాష్ట్రాల్లో ఐపీటీలో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్ళు ప్రతి పట్టణంలోనూ దొరకరు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళేవాళ్ళు ఫోన్లోనే అడిగి తెలుసుకోవచ్చు: ఎన్ని వారాలు ఉంటుంది, దేని మీద పనిచేస్తారు, తగ్గుతోందో లేదో దేనితో కొలుస్తారు. ఎటు వెళ్ళాలో తోచనప్పుడు, లేదా చావు ఆలోచనలు వస్తున్నప్పుడు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకుంటే అవతలివారికి పని తేలికవుతుంది. ఒక వరసలో ఏడాదిగా ఇంట్లో ఏ నెలలో ఏం జరిగిందో, రెండో వరసలో నిద్ర, ఆకలి ఏ నెలలో ఎలా ఉన్నాయో.